వెలిసిన దుప్పటి మీద పెన్ను గీతలు, ఆవకాయ నూనె

"మా పాప మంచం మీద బోర్లా పడుకునే హోంవర్క్ రాస్తుంది. దుప్పటి నిండా బాల్‌పెన్ గీతలు. మామయ్యగారికి మోకాళ్ల నొప్పులు, భోజనం మంచం దగ్గరికే ఇస్తాం కాబట్టి కూర నూనె, ఆవకాయ మరకలు. దిండు గలీబులకూ అంటుతున్నాయి. అన్నీ కాటనే, నీలం పువ్వుల ప్రింటు. బోరు నీళ్లలో ఉతికి ఉతికి వెలిసిపోయాయి. ఒక మరకకు బ్లీచింగ్ ద్రవం పెడితే మరక పోయి తెల్లమచ్చ మిగిలింది. ఉన్న రంగు పోకుండా ఈ మరకలు తీయడం ఎలా?"
— ఒక పాఠకురాలు, సూర్యాపేట

ముందు ఆ తెల్లమచ్చ సంగతి తేల్చేద్దాం. అది మరక కాదు, రంగు చచ్చిన చోటు. సీసాల్లో అమ్మే బ్లీచింగ్ ద్రవం సోడియం హైపోక్లోరైట్. మరక రంగేదో దుప్పటి రంగేదో దానికి తెలియదు, అందిన రంగునల్లా విరగ్గొడుతుంది. ఏ సబ్బు వేసినా ఆ నీలం వెనక్కి రాదు. దానికేం చేయొచ్చో చివర్లో చెబుతాను. ఆ సీసాను మాత్రం ఇకమీదట బాత్రూమ్ గచ్చుకే ఉంచండి.

వెలిసిన బట్టతో చిక్కు ఎక్కడంటే, దాని మీద మరక తీయడం ఒక పని, తీసిన చోటు కనబడకుండా చేయడం ఇంకో పని. కొత్త దుప్పటిలో రంగు నిండుగా ఉంటుంది, ఒక పిసరు పోయినా కంటికి ఆనదు. మీ దుప్పటిలో ఉన్నదే కొంచెం, అందులో ఇంకాస్త పోతే అక్కడ పాలిపోయి కనిపిస్తుంది. దీనికి తలకిందులుగా కూడా జరుగుతుంది. ఒకే చోట గట్టిగా రుద్దితే అక్కడి మురికి వదిలి, ఆ చోటు మాత్రం నిగనిగలాడి చుట్టూ ఉన్నది మాసినట్టు ఉంటుంది. కాబట్టి మరక దగ్గర చేయాల్సింది తక్కువ మోతాదులో, మెల్లగా చేసి, చివరి పని మొత్తం దుప్పటికి ఒకేసారి చేయాలి. కింద చెప్పేదంతా ఈ లెక్క మీదే నడుస్తుంది.

బోరు నీళ్లని రాశారు కాబట్టి ఇంకో అనుమానం తీర్చుకోవాలి. మీ దుప్పటి నిజంగా వెలిసిందా, లేక పూత పట్టిందా? ఉప్పగా ఉండే బోరు నీళ్లలో తరచూ సున్నం ఎక్కువ. అది సబ్బుతో కలిస్తే నురగ రాదు సరికదా, తెల్లటి జిడ్డులా విరిగి బట్ట నూలు మధ్యలో కూర్చుంటుంది. ఉతికినప్పుడల్లా కొంచెం కొంచెం పేరుకుని, రంగు మీద బూడిద చల్లినట్టు కనిపిస్తుంది. మనం దాన్ని వెలవడం అనుకుంటాం. పైగా ఈ పూత నూనెను పట్టుకుని వదలదు, అందుకే మామూలు ఉతుకులో కూర మరక సగమే పోతుంది.

తెలుసుకోవడం తేలికే. గలీబులు జతగా ఉంటాయి కదా, అందులో ఒకదాన్ని మాత్రమే తీసుకోండి. అర బకెట్ నీళ్లలో, అంటే ఓ 5 లీటర్లలో, అర గ్లాసు తెల్ల వెనిగర్ పోసి అరగంట నానబెట్టండి. జాడించి, నీడలో ఆరేసి, రెండో గలీబు పక్కన పెట్టి పగటి వెలుతురులో చూడండి. నానబెట్టినది కాస్త మెత్తగా, రంగు తేటగా కనిపిస్తే, నానిన నీళ్లు మసకబారి ఉంటే, మీరు వెలిసిందనుకున్నదాంట్లో కొంత పూతేనన్న మాట. అది తిరిగి వచ్చే రంగు. రెండింటికీ తేడా లేకపోతే నిజంగా వెలిసినట్టే. ఒక జాగ్రత్త: బ్లీచింగ్ ద్రవం, వెనిగర్ ఒకే బకెట్‌లో ఎప్పుడూ కలవకూడదు, క్లోరిన్ వాయువు వస్తుంది. బ్లీచ్ పెట్టిన బట్టను రెండు మూడు నీళ్లలో జాడించాకే వెనిగర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఇది చదివే ఇంకెవరి దగ్గరైనా పెడన కలంకారీ దుప్పట్లుంటే వాటికి మాత్రం వెనిగర్, నిమ్మకాయ రెండూ వద్దు. వాటిలో నలుపు ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్లతో వేసేది. పులుపు తగిలితే ఆ నలుపు కరిగి పల్చబడుతుంది.

ఇక పెన్ను గీతలు. బాల్‌పెన్ ఇంకు నీళ్లతో చేసింది కాదు, నూనెలా చిక్కగా ఉండే ద్రవంలో రంగు కలిపిన ముద్ద. అందుకే సబ్బునీళ్లలో ఎన్నిసార్లు వేసినా గీత గీతలాగే ఉంటుంది. అది కరిగేది ఆల్కహాల్‌లో. మందుల షాపులో అమ్మే సర్జికల్ స్పిరిట్ గానీ, ఇంట్లో మిగిలిన శానిటైజర్ గానీ పనికొస్తుంది. శానిటైజర్ రంగులేనిదై ఉండాలి. నీలం, పచ్చ రంగువి వాడితే కొత్త మరక తెచ్చుకున్నట్టే. గీత బాల్‌పెన్నుదో జెల్ పెన్నుదో గుర్తులేకపోతే, ఎప్పుడూ ఉతకని కొత్త గీత మీద ఒక నీటి చుక్క వేయండి. చుక్కలోకి రంగు పాకితే జెల్ లేదా ఇంకు పెన్ను. కదలకపోతే బాల్‌పెన్.

గీత మీదకు వెళ్లేముందు దుప్పటి అంచు మడత లోపల, ఎవరికీ కనబడని చోట పువ్వు రంగు మీద స్పిరిట్ తడిపిన దూదిని ఒక నిమిషం అదిమి పట్టండి. దూదికి నీలం అంటిందా చూడండి. కొన్ని ప్రింట్లలో రంగు నూలులోకి ఇంకదు, జిగురులాంటి పదార్థంతో పైన అతికి ఉంటుంది. అలాంటి ప్రింటును స్పిరిట్ కదిలించగలదు. దూది తెల్లగా ఉంటే ముందుకు వెళ్లండి. లేత నీలం అంటితే స్పిరిట్‌లో సమానంగా నీళ్లు కలిపి మళ్లీ చూడండి. అప్పటికీ అంటుతుంటే, పువ్వుల మీద పడ్డ గీతలను వదిలేసి పువ్వులు లేని ఖాళీ చోట పడ్డవే తీయండి. నీలం పువ్వు మీద నీలం గీత ఎలాగూ అంతగా తెలియదు.

చేసే తీరు ఇది. పాత తెల్ల బనియన్ లాంటి గుడ్డను నాలుగు మడతలు వేసి బల్ల మీద పరవండి. దుప్పటిని తిరగేసి, గీత ఆ గుడ్డకు ఆనేలా పెట్టండి. ఇప్పుడు వెనక వైపు నుంచి స్పిరిట్ దూదితో అద్దండి. రుద్దకండి, అద్దడమే. రుద్దితే ఇంకు అడ్డంగా పాకి గీత కాస్తా మబ్బు అవుతుంది, పాత కాటన్ నూగు లేచి ఆ చోటు ఇంకా పాలిపోతుంది. గీత చివర నుంచి మధ్యకు రండి. కింది గుడ్డ ఎత్తి చూస్తే ఊదా కలిసిన నీలం మరక దిగి ఉంటుంది. అదే మీ పాప రాసిన ఇంకు. గుడ్డను పక్కకు జరిపి, తెల్ల భాగం కిందికి తెచ్చి మళ్లీ అద్దండి. గుడ్డ జరపడం బద్ధకిస్తే దిగిన ఇంకే తిరిగి పైకి ఎక్కుతుంది. చాలామంది "స్పిరిట్ పెట్టినా పోలేదు, పైగా పాకింది" అనేది ఇందుకే.

రెండుసార్లు వరసగా గుడ్డకు రంగు దిగకపోతే ఆపేయండి. ఇంక దిగాల్సింది లేదు. వెంటనే ఆ చోట గిన్నెలు తోమే ద్రవం రెండు చుక్కలు వేసి వేళ్లతో మెల్లగా నలిపి, చల్లటి నీళ్లతో జాడించండి. ఎందుకంటే కొన్ని సర్జికల్ స్పిరిట్లలో కాస్త ఆముదం కలిసి ఉంటుంది. కడగకుండా వదిలితే ఇంకు పోయిన చోట నూనె వలయం మిగులుతుంది. ఈ పనంతా పొయ్యి, దేవుడి దీపం దగ్గర చేయకండి, కిటికీలు తీసి చేయండి. స్పిరిట్ ఆరకముందు ఇస్త్రీ పెట్టొద్దు.

మీవి ఇప్పటికే పలుమార్లు ఉతికిన గీతలు కాబట్టి పూర్తిగా మాయమవుతాయని మాటివ్వను. ముదురు గీత లేత గీత అవుతుంది, మిగిలింది చివర్లో మొత్తం నానబెట్టేటప్పుడు ఇంకాస్త తగ్గుతుంది. జెల్ పెన్ను గీతలకైతే ముందు చల్లటి నీళ్లు, గిన్నెల ద్రవం, ఆ తర్వాతే స్పిరిట్. నల్ల జెల్ ఇంకుల్లో చాలావాటిలో రంగు కరిగే రకం కాదు, సన్నటి పొడి. అది నూలులో ఇరుక్కున్నాక దాని మీద ఏదీ పెద్దగా పనిచేయదు, దాని కోసం బట్ట చింపుకోకండి. పాలు, టూత్‌పేస్టు, ఉప్పు చిట్కాలు అందరూ చెబుతుంటారు. టూత్‌పేస్టులో ఉండేది సన్నటి రాపిడి పొడి, మరకతోపాటు ప్రింటునూ గీకుతుంది. పాలు పెడితే ఇంకు పక్కన పాల మరక. నెయిల్ పాలిష్ తీసే ద్రవం ఇంకును బాగానే కరిగిస్తుంది గానీ ప్రింటు జిగురునూ కదిలించగలదు, వెలిసిన దుప్పటికి వద్దు.

నూనె మరకకు లెక్క వేరు. ఆవకాయ మరకంటే ఒక మరక కాదు, మూడు. నువ్వుల నూనె, అందులో కరిగిన కారం ఎరుపు, పక్కనే పసుపు. ఈ మూడింటినీ ఒకేసారి తీయాలనుకోవడమే పొరపాటు. ముందు నూనె. కారం రంగు నూనెలోనే కరిగి ఉంటుంది కాబట్టి నూనె పోతే దాంట్లో చాలా భాగం వెంటే పోతుంది. పసుపును ఆఖరికి ఉంచండి.

అప్పుడే పడ్డ మరకైతే తడి గుడ్డ తీసుకుని పరిగెత్తకండి. చెంచా అంచుతో పైనున్నది ఎత్తేసి, మొహానికి రాసుకునే టాల్కం పౌడర్ గానీ మొక్కజొన్న పిండి గానీ గుట్టగా పోసి ఒక గంట వదిలేయండి. పొడి నూనె పీల్చి రంగు మారి ఉండకడుతుంది, దులిపేయండి. తర్వాత, పాత మరకైనా కొత్తదైనా, గిన్నెల ద్రవాన్ని పొడి బట్ట మీదే వేయాలి. బట్ట తడిస్తే నూలు నిండా నీళ్లుండి ద్రవం పల్చబడిపోతుంది, నూనె దాకా చిక్కగా చేరదు. రూపాయి బిళ్లంత మరకకు నాలుగైదు చుక్కలు చాలు. వేలితో వెనక నుంచి, ముందు నుంచి మెత్తగా నలిపి ఓ ఇరవై నిమిషాలు ఉంచి, చేయి పట్టేంత వేడి నీళ్లతో వెనక వైపు నుంచి పోసి జాడించండి. బ్రష్ వద్దు. వెలిసిన దుప్పట్లలో సగం వెలవడం ఆ ప్లాస్టిక్ బ్రష్ పుణ్యమే.

నూనె పోయిందో లేదో తడి మీద తెలియదు, తడిస్తే బట్టంతా ముదురు రంగే. ఆరాక చెప్పొచ్చు. దుప్పటిని కిటికీకి ఎదురుగా పట్టండి. నూనె ఉన్న చోట వెలుతురు ఎక్కువగా దిగుతుంది, పకోడీ పొట్లం కాగితంలాగా. లేదా ఆ చోట ఒక నీటి చుక్క వేయండి. చుక్క వెంటనే ఇంకితే నూనె లేదు. ముత్యంలా నిలబడి ఆలోచిస్తుంటే ఇంకా ఉంది. ఉంటే ఇంకోసారి అదే పని. నూనె ఉండగా ఇస్త్రీ చేస్తే ఆ వేడికి నూనె మురిగి పసుపు గోధుమ రంగులోకి తిరిగి గట్టిపడుతుంది, తర్వాత తీయడం మహా కష్టం. గలీబుల మీద తలనూనె మరకలు కూడా ఇదే బాపతు. తల ఆనే చోట పచ్చగా, కాస్త బిరుసుగా తగులుతుంటే అది ఏళ్ల నుంచి పేరుకున్న కొబ్బరినూనె, చెమట. వాటికి చుక్కల వైద్యం చాలదు, మొత్తం నానాల్సిందే.

నూనె వదిలాక మిగిలిన పచ్చటి మచ్చ పసుపు. దానికి సబ్బు రాయగానే ఎర్రబడుతుంది, కొత్తవాళ్లు బెదిరిపోతారు. ఏమీ కాలేదు. పసుపు, సున్నం కలిపితే పారాణి ఎర్రగా రావడం లేదూ, ఇదీ అదే. సబ్బులో ఉండే క్షారానికి పసుపు రంగు మారుతుంది, జాడిస్తే మళ్లీ పచ్చబడుతుంది. మీకు దీనివల్ల లాభమే, సబ్బు రాసినప్పుడు ఎర్రబడితే అక్కడ ఇంకా పసుపు ఉందని అర్థం. పసుపుకు మందు ఎండ. తడిగా ఉన్న మరకను నేరుగా ఎండకు పెడితే ఒక పూటలోనే తేడా తెలుస్తుంది.

"ఎండకు పెడితే దుప్పటి వెలవదా?" అంటారు. వెలుస్తుంది, నెలల తరబడి మిట్టమధ్యాహ్నం తీగ మీద వేలాడితే. పసుపు రంగు అంత నిలకడైనది కాదు, గంటల్లో విరిగిపోతుంది. కాటన్‌కు గట్టిగా పట్టిన రంగుకు అదే నష్టం జరగడానికి చాలా రోజులు పడుతుంది. ఈ తేడానే మనకు అవకాశం. దుప్పటిని తిరగేసి, మరక ఉన్న పాయ పైకి వచ్చేలా మడిచి, మధ్యమధ్యలో నీళ్లు చిలకరిస్తూ ఒక పూట ఎండలో ఉంచండి. పచ్చదనం పోగానే నీడకు తెచ్చేయండి. రోజువారీ ఆరబెట్టడం మాత్రం ఎప్పుడూ నీడలోనే, లేదా తిరగేసే.

ఇప్పుడు మొత్తం దుప్పటికి చేసే పని. మరకల దగ్గర చేయాల్సింది అయ్యాక, అక్కడక్కడా తేటగా, అక్కడక్కడా మాసినట్టు ఉంటుంది. దాన్ని ఒక్క తీరుకు తెచ్చేది ఆక్సిజన్ బ్లీచ్. రంగుబట్టల మరకల పొడి అని డబ్బాల్లో, ప్యాకెట్లలో అమ్ముతారు. వెనకాల సోడియం పెర్‌కార్బొనేట్ అని ఉందో లేదో చూసి తీసుకోండి. ఇది క్లోరిన్ బ్లీచ్ అంత మొరటు కాదు, అయినా అంచు మీద చిన్న పరీక్ష చేయకుండా దించకండి. పెద్ద టబ్బులో చేయి పట్టేంత వేడిగా 10 లీటర్ల నీళ్లు పోసి, రెండు పెద్ద చెంచాల పొడి పూర్తిగా కరిగించాకే దుప్పటి వేయాలి. ప్యాకెట్ మీద వేరే కొలత ఉంటే అదే పాటించండి. కరగని పలుకు ఒకటి రంగు మీద కూర్చుంటే అక్కడ చుక్క పడుతుంది. దుప్పటి అంతా మునగాలి, సగం పైకి తేలితే తేలిన భాగం వేరే రంగులో మిగులుతుంది. ఒక గంట చాలు. పావుగంటకోసారి తిరగేస్తూ, నీళ్లు నీలంగా మారుతున్నాయా అని చూడండి. లేత గోధుమ రంగు వస్తే అది మురికి, మంచిదే. నీలం దిగుతుంటే వెంటనే తీసి జాడించేయండి.

గలీబులకు తలనూనె ఉంది కాబట్టి వాటిని దుప్పటితో కలపకుండా విడిగా నానబెట్టండి. ఆ నీళ్లలో పై పొడితోపాటు ఒక పెద్ద చెంచా బట్టల సోడా కూడా కలపండి. ముదిరిన నూనెను సోడా కాస్త సబ్బులా మార్చి నీళ్లలోకి లాగుతుంది. సోడాకు చేతులు పగులుతాయి, గ్లవుజులు వేసుకోండి. ఆఖరి జాడింపులో, ఇందాకటి గలీబు పరీక్షలో తేడా కనిపించి ఉంటే, బకెట్ నీళ్లకు అర గ్లాసు వెనిగర్ పోసి పది నిమిషాలు ఉంచి తీయండి. సున్నం పూత దీంతో కొంత వదులుతుంది. ఇక నుంచి బోరు నీళ్లలో ఉతికినా ఆఖరి జాడింపుకైనా మునిసిపల్ నీళ్లు ఒక బకెట్ పక్కన పెట్టుకోగలిగితే, వాన నీళ్లు పట్టుకోగలిగితే మరీ మేలు, పూత మళ్లీ అంత త్వరగా పేరుకోదు. పొడి ఎక్కువ వేస్తే బాగా ఉతుకుతుందనుకోవడం మానండి. ఉప్పు నీళ్లలో ఎక్కువైన సబ్బు పొడి బట్టలోనే మిగులుతుంది.

ఒకటి అడగడం మరిచాను. మీవి నిజంగా కాటనేనా? దుకాణాల్లో గ్లేస్ కాటన్ అని మెత్తగా, మెరుస్తూ అమ్మేవాటిలో చాలావరకు పాలియెస్టరే. అంచు నుంచి ఒక పోగు లాగి, పట్టకారుతో పట్టుకుని సింకు మీద అంటించండి. కాగితం కాలిన వాసన వచ్చి, నలిపితే మెత్తటి బూడిద అయితే కాటన్. కరిగి చివర గట్టి నల్ల పూస కడితే పాలియెస్టర్ ఉంది. పాలియెస్టర్‌కు నూనెంటే మహా ప్రీతి, గిన్నెల ద్రవం పని రెండు మూడు విడతలు పడుతుంది. మరీ వేడి నీళ్లూ వద్దు, ముడతలు పడతాయి.

ఇక ఆ తెల్లమచ్చ. అది మంచం కాళ్ల వైపు, అంచు దగ్గర ఉంటే పరుపు కిందికి దోపేయండి, అక్కడితో సరి. నడిమధ్య ఉంటే రెండే దారులు. ఒకటి, మచ్చ లేని భాగాన్ని కత్తిరించి గలీబులు కుట్టించుకోవడం. డబుల్ దుప్పట్లో మంచి గుడ్డ నాలుగు గలీబులకు సరిపడా దొరుకుతుంది. రెండు, దుప్పటి మొత్తానికి రంగు వేయించడం. కాటన్‌కు వేసే రియాక్టివ్ రంగు అడగండి, ఇప్పుడున్న నీలం కంటే బాగా ముదురుది ఎంచుకోండి. పువ్వులు నీడలా లీలగా కనిపిస్తాయి, బ్లీచ్ మచ్చ చాలావరకు కలిసిపోతుంది. అయితే పైన చెప్పిన నూనె పని పూర్తయ్యాకే రంగుకు ఇవ్వండి. నూనె మిగిలిన చోటికి రంగు దిగదు, ఇప్పుడు ముదురుగా కనిపించే మరకలు అప్పుడు లేత మచ్చలుగా తేలతాయి. అంచు కుట్టిన దారం పాలియెస్టర్ అయితే అది రంగు పట్టకుండా చుట్టూ తెల్లటి కుట్టులా మిగులుతుంది. మీకు అది నచ్చకపోతే రంగుకు ఇచ్చేముందే కుట్టు విప్పించి, తర్వాత అదే రంగు దారంతో మళ్లీ వేయించుకోండి.